ఏమీ లేదని చెప్పే మెయిల్

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అంతే. మనుషుల నోట్లో మాత్రం ఆవిడ నిల్ మేడమ్. ఈ పేరు ఎవరు పెట్టారో ఎవరూ ఒప్పుకోరు గానీ, ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. ఏడేళ్లపాటు రోజూ ఉదయం ఆరు దాటగానే ఆవిడ కంప్యూటర్ నుంచి పదిహేను మందికి ఒక మెయిల్ వెళ్లేది. వారంలో ఐదారు రోజులు అందులో ఒకటే మాట ఉండేది: నిల్.

ఇరవై రెండేళ్ల కిందట ఆవిడ పాత రికార్డుల గదిలో టైపు కొట్టడానికి చేరింది. దుమ్ము, తుమ్ములు, ఫైళ్ల కట్టలు. కంప్యూటర్లు వచ్చినప్పుడు మిగతావాళ్లంతా మూతి ముడుచుకుంటే ఈవిడ మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నేర్పేవాళ్లు లేరు. తప్పులు చేసుకుంటూ, తిట్లు తింటూ, తనే నేర్చుకుంది. యాభైకి దగ్గర పడేసరికి ఆసుపత్రిలో ఏ రిపోర్టు కావాలన్నా ఆవిడ గది తలుపే తట్టాలి. గది అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద మూల, ఒక బల్ల, కీచుమనే ఫ్యాను, మోకాళ్ల నొప్పికి కాళ్లు చాపుకునేందుకు ఒక తిరగేసిన చెక్కపెట్టె.

ఆవిడ చేసిన రిపోర్టులన్నింటిలోకీ ఆవిడకి ఇష్టమైనది ఈ ఆరు గంటల రిపోర్టు. దాని సంగతి చెప్పాలి. వార్డులో పడుకున్న మనిషి రక్తంలో ఏదైనా ప్రమాదంగా కనిపిస్తే ల్యాబ్ వాళ్లు అప్పటికప్పుడు వార్డుకి ఫోన్ చేస్తారు. అక్కడ నర్సు ఉంటుంది, ఎత్తుతుంది. కానీ ఓపీకి వచ్చి పొద్దున రక్తం ఇచ్చి ఇంటికి వెళ్లిపోయినవాళ్ల సంగతేంటి? ఫలితం వచ్చేసరికి సాయంత్రం అవుతుంది, ఓపీ డాక్టరు గదికి మధ్యాహ్నమే తాళం పడుతుంది. ల్యాబ్ వాళ్లు ఫోన్ చేస్తే ఖాళీ గదిలో మోగి మోగి ఆగిపోతుంది. అందుకని ఆవిడ కంప్యూటర్‌లో ఒక పని తయారుచేసింది. రోజూ ఉదయం ఆరింటికి అది దానంతటదే లేచి, ముందురోజు ఫలితాలన్నీ చదివి, ఎర్రగీత దాటినవాళ్లు, ఇంకా ఏ డాక్టరూ చూడనివాళ్లు ఎవరో ఏరి, పేరూ ఫోన్ నెంబరూ రాసి పంపుతుంది. ఆ జాబితా పట్టుకుని ఫోన్లు చేయడమే ఉద్యోగంగా ఒక నర్సు ఉంది. ఆవిణ్ణి ఫోన్ సిస్టర్ అంటారు. చిన్న ఆసుపత్రి కాబట్టి ఎర్రగీత దాటేవాళ్లు వారానికి ఒకరో ఇద్దరో.

ఈ పనికి ఆవిడ ఎన్ని కాపలాలు పెట్టిందో చెప్తే నవ్వొస్తుంది. ఫోన్ నెంబరులో ఒక అంకె తక్కువైతే పట్టుకుంటుంది. ఆరు అని కొట్టబోయి అరవై కొడితే పట్టుకుంటుంది. ఒకే మనిషి రెండుసార్లు వస్తే పట్టుకుంటుంది. పని మధ్యలో ఎక్కడైనా తట్టుకుని పడిపోతే, పడిపోయానని ఆవిడకి కబురు పంపుతుంది. తప్పుడు లెక్క ఒక్కటి కూడా బయటికి పోనివ్వనని ఆవిడకి గర్వం. ఆ గర్వం న్యాయమైనదే. కాకపోతే ఆ కాపలాదార్లందరూ ఆ పని లోపలే ఉన్నారు. పనే నిద్ర లేవకపోతే వాళ్లూ లేవరు. ఈ ముక్క ఏడేళ్లలో ఆవిడకి తట్టలేదు, అంత చదువుకున్న సూపరింటెండెంటుకీ తట్టలేదు.

ఆరునెలల కిందట ఒక మీటింగు జరిగింది. మీటింగంటే తెలిసిందే, పని చేసేవాళ్లని పని మానిపించి పని గురించి మాట్లాడించడం. చివర్లో సూపరింటెండెంటు కళ్లజోడు తుడుచుకుంటూ అడిగాడు.

"ఏమ్మా, ఏమీ లేదని చెప్పడానికి కూడా రోజూ ఒక మెయిలా? ఉంటే చెప్పండి, లేకపోతే ఊరుకోండి."

అందరూ నవ్వారు. ఫోన్ సిస్టర్ కూడా నవ్వి, "నిజమే అక్కా, సెలవు రోజున కూడా ఆరింటికి ఫోను గుయ్యిమంటోంది, చూస్తే నిల్," అంది. నిల్ మేడమ్‌కి చురుక్కుమంది. ఎవరూ చదవని మెయిల్ ఏడేళ్లుగా పంపుతున్నానా అనిపించింది. ఆ మధ్యాహ్నమే వెళ్లి ఒక్క వాక్యం మార్చింది: జాబితాలో ఎవరూ లేకపోతే మెయిల్ పంపకు. రెండు నిమిషాల పని. ఆ తర్వాత అందరికీ సుఖంగా ఉంది, ఆవిడకి కూడా. మెయిల్ రాలేదంటే అంతా బాగున్నట్టే.

ఇంటికెళ్లి ఆ మాట భర్తతో చెప్తే, బళ్లో డ్రాయింగు మాస్టారు కదా, ఆయన కూరగాయలు తరుగుతూ, "అయితే ఇప్పుడు నిన్ను ఏమని పిలుస్తారోయ్?" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

పేరు మాత్రం పోలేదు.

*

ఆ మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్ సిస్టర్ మెట్ల కింద గదికి వచ్చింది. ఎప్పుడూ గుమ్మం దగ్గర్నుంచే కబుర్లు మొదలుపెట్టే మనిషి, ఆ రోజు లోపలికొచ్చి, తలుపు చేరవేసి, నిలబడింది.

"అక్కా, పోయిన మంగళవారం నాకేమైనా జాబితా పంపావా?"

"వస్తే పంపి ఉంటుంది. ఏం?"

"ఎమర్జెన్సీలో ఒక టైలరు ఉన్నాడు. పొద్దున కుట్టుమిషను ముందే కూలిపోయాడట. గుండె నిమిషానికి ముప్పైసార్లు కొట్టుకుంటోంది. పొటాషియం పెరిగిపోయింది. డాక్టరు పాత రిపోర్టు తీసి చూస్తే పోయిన వారం సోమవారమే ఆరు పాయింట్ ఎనిమిది ఉంది. ఐదు దాటకూడదు కదా. ఎవరూ ఫోన్ చేయలేదా అని నన్ను అడుగుతున్నాడు. నా మెయిల్ అంతా వెతికాను. లేదక్కా."

నిల్ మేడమ్ కంప్యూటర్ వైపు తిరిగింది. ఏ పని ఎన్నింటికి నడవాలో చూసుకునే తెర ఒకటుంటుంది. అది తెరిచింది. మొదటి పేజీలో అన్నీ పచ్చగా ఉన్నాయి. ఆవిడ పని రెండో పేజీలో ఉంటుంది, ఎందుకంటే అది ఏడేళ్ల కిందట ఆవిడ సొంత లాగిన్ మీద పెట్టుకున్నది. రెండో పేజీ తెరిచింది. పని పేరు పక్కన ఎరుపు లేదు, పచ్చ లేదు. బూడిద రంగులో చిన్న అక్షరాలతో 'పాజ్' అని ఉంది. చివరిసారి నడిచింది పోయిన ఆదివారానికి ముందరి ఆదివారం.

తొమ్మిది రోజులు నడవలేదు.

సర్వర్ల ఇన్‌ఛార్జికి ఫోన్ చేసింది. ఆయన ఆవిడకంటే రెండేళ్లు పెద్ద, మీసాలకి రంగు వేసుకునే పెద్దమనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. మెట్లు దిగి వచ్చి తెర చూసి చాలాసేపు మీసం సర్దుకున్నాడు.

"ఆ ఆదివారం సర్వర్లకి కొత్త అప్‌డేట్ వేశాం మేడమ్. వేసేముందు అన్ని పనులూ పాజ్ చేస్తాం. అయ్యాక మళ్లీ నడిపిస్తాం. మొత్తం పద్నాలుగు పాజ్ చేశాం. మొదటి పేజీలో పదమూడున్నాయి, అవి నడిపించాను."

"పద్నాలుగోది?"

"రెండో పేజీ ఉందని నాకు గుర్తులేదు మేడమ్."

"పడిపోతే నాకు కబురు రావాలి కదండీ."

"పడిపోలేదు కదా మేడమ్. అసలు లేవలేదు."

ఆయన తనని సమర్థించుకోడానికి అన్న మాట కాదది. ఉన్నదున్నట్టు చెప్పాడు. లేవని పని తప్పు చేయదు, తప్పు చేయని పని ఎవరికీ ఫిర్యాదు చేయదు. తొమ్మిది రోజులు ఆవిడ పొద్దున్నే ఫోను చూసుకుని, మెయిల్ లేదు కదా అని నిశ్చింతగా టీ తాగింది. సిస్టర్ కూడా ఇంతకాలానికి కాస్త ఊపిరి పీల్చుకున్నానని అనుకుంది. ఒక్క వాక్యం మార్చకుండా ఉండి ఉంటే సోమవారం ఆరుంబావుకల్లా పదిహేను మందిలో ఎవరో ఒకరు, ఇవాళ నిల్ రాలేదేంటి అని, వెక్కిరింపుకైనా అనేవాళ్లు.

ముగ్గురూ కూర్చుని ఆ తొమ్మిది రోజుల రిపోర్టులూ చేత్తో నడిపించారు. మూడు పేర్లు వచ్చాయి. మొదటి పేరు ఒక ముసలాయనది, రక్తం బాగా తగ్గిపోయింది. సిస్టర్ ఫోన్ చేస్తే కొడుకు ఎత్తి, అప్పటికే వేరే డాక్టరు దగ్గర చేర్పించామన్నాడు. రెండో ఆమె బడి ఆయా, ఉప్పు తగ్గింది, తల తిరుగుతోంది, అరగంటలో ఆటో ఎక్కి వస్తానంది. మూడో పేరు దగ్గర సిస్టర్ ఫోను బల్ల మీద పెట్టేసింది. ఆయన పై అంతస్తులోనే ఉన్నాడు.

నిల్ మేడమ్ పైకి వెళ్లింది. ఎందుకు వెళ్తోందో ఆవిడకే తెలియదు. ఐసీయూ బయట బెంచీ మీద ముప్పై ఏళ్ల అమ్మాయి కూర్చుని ఉంది, ఒళ్లో మందుల సంచీ. టైలరు కూతురు. జిరాక్సు షాపులో పని చేస్తుందట, చేతివేళ్లకి ఇంకా నల్లటి మరక ఉంది. పక్కన వాళ్లమ్మ కళ్లు మూసుకుని గోడకి ఆనుకుంది. ఆసుపత్రి కార్డు మెళ్లో వేసుకున్న మనిషి కనబడగానే ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"మేడమ్, ఎలా ఉందండీ?"

"నేను డాక్టర్ని కాదమ్మా. రిపోర్టుల సెక్షన్."

ఆ అమ్మాయి మళ్లీ కూర్చుంది. సంచీలోంచి నాలుగు మడతల చీటీ ఒకటి తీసింది. రక్తం ఇచ్చినరోజు ల్యాబ్‌లో ఇచ్చే చీటీ. చివరి వాక్యం మీద వేలు పెట్టింది: ఫలితంలో తేడా ఉంటే మేమే ఫోన్ చేస్తాం, మీరు ఫోన్ చేయనవసరం లేదు.

"నాన్న ఫోను మిషను మీదే పెట్టుకుని కూర్చున్నాడు మేడమ్, ఆ రోజంతా, మర్నాడు కూడా. మోగితే ఉలిక్కిపడేవాడు. మూడో రోజు పొద్దున్న అమ్మతో అన్నాడు, ఫోను రాలేదు, గండం గడిచినట్టే అని. ఆ రోజు నుంచి మళ్లీ అన్నీ మామూలుగా తిన్నాడు, మాత్రలు కూడా అవే వేసుకున్నాడు. రెండుసార్లు అనుకున్నాను, ఒకసారి వెళ్లి అడుగుదామని. చేయనవసరం లేదని రాశారు కదా, విసుక్కుంటారేమోనని ఊరుకున్నాను. నేనే అడగాల్సింది."

నిల్ మేడమ్‌కి గొంతులో మాట ఉంది. కాదమ్మా, మా పని నడవలేదు, నడవలేదని మాకు తెలియకుండా చేసుకున్నది నేను. ఇంతే చెప్పాలి. ఐసీయూ తలుపు తెరుచుకుంది, ఎవరో పిలిచారు, ఆ అమ్మాయి పరిగెత్తింది. చెప్పలేదు. చెప్పడానికి ఇంకా ఐదు నిమిషాలు నిలబడి ఉండొచ్చు, నిలబడలేదు. తలుపు సాకు దొరికింది, దిగొచ్చేసింది. అది ఆవిడకి తెలుసు కాబట్టే ఆ తర్వాత ఎన్నో రోజులు మెట్లు ఎక్కలేకపోయింది. అడిగినవాళ్లకి మోకాళ్లని చెప్పేది.

డయాలిసిస్ చేశారు. ఒకసారి గుండె ఆగితే తిరిగి కొట్టించారు. గురువారం మధ్యాహ్నం రెండోసారి ఆగింది. మళ్లీ కొట్టలేదు.

*

విచారణ జరిగింది. నాలుగు కుర్చీలు, నాలుగు కప్పుల టీ. సర్వర్ల ఇన్‌ఛార్జి తనదే తప్పన్నాడు. నిల్ మేడమ్ తనదే తప్పంది. సూపరింటెండెంటు ఇద్దర్నీ ఊరుకోమన్నాడు. కుటుంబానికి వెళ్లిన ఉత్తరంలో 'సాంకేతిక కారణాల వల్ల సమాచారం అందించడంలో జాప్యం జరిగినందుకు చింతిస్తున్నాం' అని రాశారు. ఆ ఉత్తరం టైపు చేసింది కూడా ఆవిడే. సాంకేతిక కారణం అనే మాట ఎంత సుఖమైనదో అప్పుడు తెలిసింది. అందులో మనిషి ఉండడు.

ఆ తర్వాత రెండు వారాలు ఆవిడ ఇంటికి ఎప్పుడు వెళ్తోందో, ఏం తింటోందో మాస్టారికే తెలియాలి. పొద్దున్నే వచ్చి కొత్త కాపలా కట్టడం మొదలుపెట్టింది. ఇన్‌ఛార్జి కూడా కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. ముందు నిల్ మెయిల్ తిరిగి తెచ్చింది. కానీ రాని మెయిల్‌ని మనుషులు గమనిస్తారని నమ్మకం లేదు ఆవిడకి. ఏడేళ్లు చూసింది కదా. అందుకని, రానిది రాలేదని గమనించే యంత్రం కావాలంది.

"సర్వర్లోనే ఇంకో చిన్న పని పెడదాం మేడమ్. ఇది నడిచిందా లేదా అని అది చూస్తుంది," అన్నాడు ఇన్‌ఛార్జి.

"మీరు మళ్లీ అన్నీ పాజ్ చేస్తే అది కూడా పాజే కదండీ. సర్వరే ఆగిపోతే రెండూ ఆగిపోతాయి. కాపలావాణ్ణి అదే ఇంట్లో పడుకోబెట్టకూడదు."

రికార్డుల గదిలో ఎవరూ వాడని పాత కంప్యూటర్ ఉంది. దానికి వేరే ఇంటర్నెట్ లైను ఇప్పించారు. దానికి ఒకటే పని నేర్పింది ఆవిడ: ఎదురుచూడటం. ఆరు గంటల రిపోర్టు రోజూ తన పని ముగించి దానికి ఒక కబురు పంపాలి. నడిచాను, ఇన్ని ఫలితాలు చదివాను, చివరి ఫలితం ఇన్ని గంటలది, ఇందులో ఎర్రవి ఇన్ని. ఆరు ఇరవైకల్లా ఆ కబురు రాకపోతే పాత కంప్యూటర్ ఎవర్నీ అడగక్కర్లేదు, వరసగా ముగ్గురికీ ఫోన్ కొడుతుంది, ఎవరో ఒకరు ఎత్తేదాకా.

మొదట ఆవిడ ఆ కబురుని పని మొదట్లో పంపేలా రాసింది. ఇన్‌ఛార్జి మీసం కింద నెమ్మదిగా అన్నాడు. "లేచానని చెప్పి గుమ్మం దగ్గరే కూలిపోతే మేడమ్?" ఆవిడ ఆయన వైపు చూసి, కబురుని చిట్టచివరికి, జాబితా సిస్టర్‌కి చేరాక పంపేచోటికి మార్చింది. ఎర్రవి సున్నా అయితే ఫరవాలేదు. కానీ చదివినవే సున్నా అయితే మాత్రం గోల చేయాలి. ల్యాబ్‌కి తెగిపోయిన తీగ కూడా నిల్ అనే చెప్తుంది. మామూలు రోజున నూట యాభై చదవాలి, సెలవు రోజున ముప్పై. అంతకు తగ్గితే ఫోన్ మోగాలి.

కట్టాక పరీక్ష పెట్టారు. కావాలనే పని పాజ్ చేసి, పొద్దున్నే ముగ్గురూ టీ గ్లాసులు పట్టుకుని ఫోన్ల ముందు కూర్చున్నారు. ఆరు ఇరవై అయింది. ఆరున్నర అయింది. ఒక్క ఫోనూ మోగలేదు. రికార్డుల గదికి వెళ్లి చూస్తే పాత కంప్యూటర్ చీకట్లో ఉంది. ముందురోజు సాయంత్రం గుమాస్తా ఇంటికి వెళ్తూ, కరెంటు దండగని, ప్లగ్ పీకేసి వెళ్లాడు. పదిహేనేళ్లుగా రోజూ అన్ని ప్లగ్గులూ పీకేసి వెళ్లే జాగ్రత్తపరుడు. సిస్టర్‌కి నవ్వాగలేదు. నిల్ మేడమ్ కూడా నవ్వింది గానీ కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

ప్లగ్గు దగ్గర పెద్దక్షరాలతో కాగితం అంటించారు. అంతటితో వదల్లేదు. పాత కంప్యూటర్ కూడా రోజూ ఆరున్నరకి, నేనున్నానని సిస్టర్‌కి ఒక మెసేజ్ పెట్టాలి. సిస్టర్ రెండూ చూసుకుని, నోటుపుస్తకంలో తేదీ వేసి సంతకం పెట్టాలి. ఏ ఒక్కటి రాకపోయినా ఎవరినీ అడక్కుండా మెట్లు దిగి రావాలి. సెలవు పెడితే పుస్తకం ఇంకొకరి చేతికి ఇచ్చి వెళ్లాలి. ప్రతి నెలా ఒకటో తారీఖున చెప్పి మరీ పని ఆపి, ఫోను మోగుతుందో లేదో చూడాలి. చూశాక మళ్లీ నడిపించి, నడిచిందని ముగ్గురూ కళ్లారా చూడాలి. యంత్రాన్ని యంత్రం చూస్తే, ఆ యంత్రాన్ని ఎవరు చూడాలి అనే ప్రశ్న ఎక్కడో ఒకచోట మనిషి దగ్గర ఆగాల్సిందేనని ఆవిడకి అర్థమైంది. సిస్టర్ సంతకాల పుస్తకం తీసుకుంటూ గొణగలేదు. సెలవు రోజున ఫోను గుయ్యిమంటే ఇప్పుడు లేచి కూర్చుని చదువుతోందట, నిల్ అని ఉన్నా సరే.

ఇక మిగిలింది చీటీ. ఆవిడ చీటీ పట్టుకుని సూపరింటెండెంటు గదికి వెళ్లింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

"ప్రతి మనిషికీ మెసేజ్ పెట్టాలా? ఏమీ లేనివాళ్లకి కూడా?"

"ఏమీ లేనివాళ్లకే ముఖ్యంగా సార్. ఉన్నవాళ్లకి సిస్టర్ ఫోన్ చేస్తుంది."

"మెసేజ్ ఒకరోజు వెళ్లలేదనుకోండి, అందరూ ఫోన్లు చేస్తారు."

"చేయాలనే కదా సార్."

ఆయన కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. "ఆ ఫోన్లు ఎవరు ఎత్తుతారు?"

"నేనెత్తుతాను."

ఆ మాట అనేసి బయటికొచ్చాక తెలిసింది ఎంత పని నెత్తిన పెట్టుకుందో. అప్పటికే ఆవిడకి ఒళ్లు పులిసిపోయి ఉంది. సాయంత్రం బస్సులో కూర్చుంటే దిగాల్సిన స్టాపు దాటిపోయేది. మాస్టారు ఏమీ అనేవాడు కాదు, కంచం పెట్టేవాడు. ఒకరోజు మాత్రం, "వాళ్లమ్మాయికి చెప్పావా?" అని అడిగాడు. ఆవిడ మంచినీళ్లు తాగి, "ఉత్తరం వెళ్లింది," అంది. ఆయన మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడి ఉండేది, కాస్త తేలికయ్యేది.

రెండు నెలలకి కొత్త చీటీలు వచ్చాయి. ఫలితం ఎలా ఉన్నా సాయంత్రం ఆరులోగా మీకు మెసేజ్ వస్తుంది. రాకపోతే అంతా బాగుందనుకోవద్దు. ఈ నెంబరుకి మీరే ఫోన్ చేయండి. కింద ఉన్నది మెట్ల కింద గది నెంబరు.

*

మొదటి వారం ఆ ఫోను పెద్దగా మోగలేదు. చేయమని రాసినా జనం చేయరు. ఆసుపత్రులంటే మనుషులకి అలవాటైన భయమే అది. శుక్రవారం సాయంత్రం ఆవిడ సంచీ సర్దుకుని, ఫ్యాను ఆపి, లేవబోతుంటే మోగింది. గోడ గడియారం ఆరూ ఐదు చూపిస్తోంది.

"రిపోర్టుల సెక్షన్," అంది.

"ఆరు దాటిందండీ. మా అమ్మది మెసేజ్ రాలేదు." ఆడగొంతు. తడబాటు లేదు. అవతల జిరాక్సు మిషను కాగితాలు లాగుతున్న చప్పుడు. "చీటీ నెంబరు చెప్పమంటారా?"

నిల్ మేడమ్ మళ్లీ కుర్చీలో కూర్చుంది. గొంతు ఎవరిదో తెలిసిపోయింది. నెంబరు రాసుకుంది, తెర తెరిచింది, చూసింది. ఫలితం మధ్యాహ్నం మూడింటికే వచ్చింది. ల్యాబ్‌లో ఫోన్ నెంబరు ఎక్కించేటప్పుడు ఒక అంకె తారుమారైంది, పదంకెలూ ఉన్నాయి కాబట్టి కాపలాకి దొరకలేదు. మెసేజ్ ఇంకెవరి ఫోనుకో వెళ్లింది.

"అమ్మా, మీ అమ్మగారికి అన్నీ మామూలుగానే ఉన్నాయి. పొటాషియం నాలుగు పాయింట్ రెండు. నెంబరు మా దగ్గర తప్పుగా పడింది, ఇప్పుడే సరిచేస్తున్నాను. మీరు ఫోన్ చేశారు కాబట్టి తెలిసింది."

అవతల గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. జిరాక్సు మిషను ఆగింది. పెట్టేసిందేమో అనుకుంటుండగా ఆ అమ్మాయి అంది.

"నాన్నప్పుడు కూడా ఇలాగే ఒక్క ఫోను చేసి ఉంటే అయిపోయేది మేడమ్. ఒక్క ఫోను. నాకు ఆ ఒక్కపని చేతకాలేదు. అమ్మ ఏమీ అనదు గానీ, అమ్మక్కూడా అదే ఉంటుంది మనసులో."

ఈసారి పక్కన తెరుచుకునే తలుపేదీ లేదు. ఉన్నా పోదలుచుకోలేదు.

"నువ్వు చేయకపోవడం కాదమ్మా. చేయొద్దని మేం రాసిచ్చాం. నువ్వు మా మాట విన్నావు. ఫోను మేం చేయాల్సింది. పొద్దున ఆరింటికి నడవాల్సిన మా రిపోర్టు తొమ్మిది రోజులు నడవలేదు. అది నడవకపోతే మాకు తెలిసే దారి ఒకటి ఉండేది, రోజూ వచ్చే ఒక మెయిల్. అది నేను ఆపాను. ఏమీ లేదని రోజూ ఎందుకు చెప్పాలని, నేనే, నా చేత్తో ఆపాను. ఆ రోజు బెంచీ దగ్గర నీకు చెప్పాల్సింది. చెప్పకుండా దిగొచ్చేశాను. ఉత్తరంలో రాసింది నిజం కాదు. ఇది నిజం."

ఆవిడ ఎదురుచూసింది. తిడుతుందనుకుంది, తిడితే వినాలనుకుంది. మెట్ల మీద డ్యూటీ దిగి వెళ్లేవాళ్ల చెప్పుల చప్పుడు నెత్తి మీదుగా వెళ్లిపోయింది.

"మేడమ్," అంది చివరికి ఆ అమ్మాయి. "కాసేపు ఆగండి. ఇంటికి వెళ్లి మళ్లీ చేస్తాను. ఈ మాట అమ్మకి మీరే చెప్పాలి."

"చేయమ్మా. ఇక్కడే ఉంటాను."

ఆవిడ రిసీవరు పెట్టేసి, భుజానికున్న సంచీ తీసి బల్ల మీద పెట్టి, ఫోను ముందు కూర్చుంది.